మిత్సు దాచుకున్న మూడు బెదిరింపులు

కుషిహమ రేవులో వలలు బాగుచేసే మిత్సు ఓకిహరకు ఒక అలవాటు ఉంది. చిరుగు ఎంత పెద్దదైనా మొదట కత్తెర అందుకోదు. ముందు సూది మీద ఎంత దారం చుట్టి ఉందో చూస్తుంది. తర్వాత చిరుగు చుట్టూ వేళ్ళు పోనిచ్చి ఎన్ని ముడులు గట్టిగా ఉన్నాయో, ఎన్ని కుళ్ళాయో లెక్కపెడుతుంది. దారం చాలదనుకుంటే ఆ వల పక్కన పెట్టి ఇంకొకటి పట్టుకుంటుంది. పడవవాళ్ళు తొందరపెడితే, "సగంలో దారం అయిపోతే సముద్రం మధ్యలో నన్ను పిలుస్తావా?" అంటుంది.

ఆమె గో ఆట నేర్చుకున్నది ఎవరి దగ్గరా కాదు. ఇరవై ఏడో ఏట ఒక తుఫాను రోజు పడవ కోసం ఎదురుచూస్తూ, తల దాచుకోవడానికి, రేవువాళ్ళ చేత గో ఆడించే కుమెజిరో గారి గదిలోకి వెళ్ళింది. గళ్ళు గీసిన చెక్క పలక మీద ఇద్దరు మగవాళ్ళు నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు ఒక్కొక్కటే పెడుతూ మూడు గంటలపాటు నోరు మెదపకుండా కూర్చోవడం చూసింది. ఇంత నిశ్శబ్దంగా జరిగే పోట్లాట ఆమె అంతకు ముందు చూడలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. వలల షెడ్డులో ఒక పాత బల్ల మీద మేకుతో గీతలు గీసుకుని, తీరంలో ఏరుకొచ్చిన ఆల్చిప్ప ముక్కలు, నల్ల గులకరాళ్ళు పెట్టి, తాను చూసిన ఆటలన్నీ మళ్ళీ ఆడుకునేది. ఇప్పుడామెకు యాభై ఎనిమిది.

కుమెజిరో గారి గదిలో గోడకు రెండు వరుసల కొక్కేలుంటాయి. ఆడేవాళ్ళ పేర్లు చిన్న చెక్కపలకల మీద కుంచెతో రాసి వాటికి తగిలిస్తారు. పై వరుస 'దాన్' అనే హోదా అందుకున్న గట్టి ఆటగాళ్ళది, మొదటి దాన్ నుంచి పైకి. కింది వరుస మిగతావాళ్ళది. కింది వరుసలో ఎడమ చివర మిత్సు పలక ముప్ఫై ఏళ్ళుగా వేలాడుతోంది. పొగకు చెక్క తేనెరంగుకు తిరిగింది. పైకి ఎక్కాలంటే పై వరుసలోని ఎవరినైనా, ముందుగా రాళ్ళేమీ వదులు ఇవ్వని సమానపు ఆటలో, కుమెజిరో గారు చూస్తుండగా ఓడించాలి. మిత్సు రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఓడింది. రెండుసార్లూ ఆమెను ముంచింది కో.

కో అంటే ఆ ఆటలో వచ్చే ఒక పేచీ. నా రాయి ఒకటి నువ్వు చుట్టుముట్టి పట్టుకుంటావు, వెంటనే అదే చోట నీ రాయి నేను పట్టుకోవచ్చు, మళ్ళీ నువ్వు, మళ్ళీ నేను. ఇది తెగదు కాబట్టి ఒక నియమం పెట్టారు. పట్టిన రాయికి బదులు వెంటనే పట్టకూడదు. ముందు ఇంకెక్కడైనా ఒక రాయి వేయాలి. అందుకని తెలివైనవాడు ఎదుటివాడు తప్పక జవాబు చెప్పాల్సిన చోట వేస్తాడు. అదే బెదిరింపు. అతను అక్కడ జవాబు చెప్పగానే నువ్వు వెనక్కి వచ్చి కో పట్టుకుంటావు. ఇప్పుడు బెదిరింపు వెతుక్కోవడం అతని వంతు. ఎవరి బెదిరింపులు ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టు.

మొదటిసారి మిత్సు ఆట మధ్యలో కనిపించిన చోటల్లా బెదిరించేసింది. రాయి వేస్తే ఎదుటివాడు ఉలిక్కిపడి జవాబు చెప్పడం ఆమెకు హాయిగా ఉండేది. తీరా కో వచ్చేసరికి బెదిరించడానికి ఒక్క చోటూ మిగల్లేదు. రెండోసారి ఎదుటివాడు వేసిన ప్రతి రాయికీ భయపడి జవాబు చెప్పింది. అందులో ఒకటి ఉత్త బెదిరింపు. దాన్ని వదిలేసి కో ముగించి ఉంటే గెలిచేది. ఆ రెండు ఆటలనూ ఆమె ఒక స్కూలు నోటుపుస్తకంలో గీసిపెట్టుకుంది. తర్వాత ఓడిన ప్రతి కోనూ అందులో రాసింది. పదకొండేళ్ళలో నాలుగు పుస్తకాలు నిండాయి. గెలిచినవి రాసేది కాదు.

ఆ ఏడు మార్చిలో కుమెజిరో గారు గది మూసేస్తున్నానని చెప్పారు. ఆయనకు ఎనభై నాలుగు. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. నెలాఖరుకు ఆ గది చేపలవాళ్ళ సంఘానికి గిడ్డంగి అవుతుంది. పేరు పలకలు ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళవచ్చు.

మిత్సు ఆ మాట విని, చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, "మాస్టారూ, ఇంకొకసారి ఆడతాను" అంది.

"ఎవరితో?"

"మీరు చెప్పినవాళ్ళతో."

కుమెజిరో గారు గదంతా చూసి, "ఒరితా, నువ్వు కూర్చో" అన్నారు.

ఒరిత హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనాయన. ఆయనకు గో పుస్తకాలు రెండు బీరువాలున్నాయి. చెయ్యి మంచిదే, కానీ నోరు చెయ్యి కంటే ముందు నడుస్తుంది. కొత్తవాళ్ళను కూర్చోబెట్టి బెదిరింపులు దాచుకోవడం మీద గంట ఉపన్యాసం ఇవ్వగలడు.

శనివారం మధ్యాహ్నం ఆట మొదలైంది. నల్లరాళ్ళు మిత్సువి. చివరికి ఎవరి రాళ్ళు ఎక్కువ గళ్ళు చుట్టుకుంటే వాళ్ళదే గెలుపు. మొదట ఆడే నల్లరాళ్ళవాళ్ళకు మొగ్గు ఉంటుంది కాబట్టి తెల్లరాళ్ళవాళ్ళకు అయిదున్నర గళ్ళు అదనం. చూడటానికి ఏడెనిమిది మంది చేరారు. మంగలి హికిద దుకాణం తలుపుకి 'ఇప్పుడే వస్తా' అని చీటీ తగిలించి వచ్చేశాడు.

"మిత్సు అక్కా, గెలిస్తే నీకు జుట్టు ఊరికే కత్తిరిస్తా" అన్నాడు.

"నువ్వు కత్తిరించాక తల బయటపెట్టగలనా?"

కుమెజిరో గారు విసనకర్రతో బల్ల మీద తట్టారు. "చూసేవాళ్ళకు నోరుండదు. ఉన్నవాళ్ళు బయట మెట్ల మీద కూర్చోండి."

రెండు గంటలు గడిచాక ఆట ఒరిత వైపు ఒరిగింది. మిత్సు మనసులో లెక్క వేసుకుంది. ఇలాగే సాగితే పన్నెండున్నర గళ్ళ తేడాతో ఓటమి. ఆట పలక మీద పెద్దచోట్లన్నీ నిండిపోయాయి. మిగిలింది ఒకటే. కుడివైపు కింది మూలలో ఒరిత తెల్లరాళ్ళు తొమ్మిది ఉన్నాయి. వాటికి ఊపిరాడాలంటే రెండు కళ్ళు, అంటే ఆ రాళ్ళే చుట్టుకున్న రెండు ఖాళీ చోట్లు, ఉండాలి. ఒక కన్ను ఖాయం. రెండోది ఒక్క రాయి మీద ఆధారపడి ఉంది. ఆ రాయిని ఆమె పట్టుకుంటే కో మొదలవుతుంది. కో గెలిస్తే తొమ్మిది రాళ్ళూ చస్తాయి. చచ్చిన రాళ్ళు, ఆక్రమించే గళ్ళు, అతను పోగొట్టుకునే గళ్ళు కలిపితే ముప్ఫై రెండు. ఆట ఆమెది.

కో ఓడితే మూల ఎలాగూ అతనిదే కదా, పోయేదేముంది? గదిలో చాలామంది అలాగే అనుకుంటున్నారని ఆమెకు తెలుసు. ఒకవైపు వాళ్ళకు నష్టమేమీ లేని కోని అక్కడివాళ్ళు పూలు చూడబోయినట్టు ఆడేది అంటారు. చెట్టు కింద కూర్చుని, కాస్త సాకే అనే బియ్యపు సారా తాగి, పోతే పోయిందని లేచి రావడం. కానీ మిత్సుకు ఇది పూల ముచ్చట కాదు. ఈ ఆటలో మిగిలిన దారి ఒక్కటే. దాన్ని తొందరపడి కాల్చేస్తే ఇంకొకటి లేదు. ఈ గదిలో ఇంకొక ఆటా లేదు.

చేతులు ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టింది. ఒరితకు ఎడమ పక్క ఆమె పొడవాటి వరుసను తెంపుతానని ఒక బెదిరింపు ఉంది. కుడి పక్క ఆమె గుంపు కళ్ళ మీద రెండున్నాయి. పైన ఆమె మూడు రాళ్ళను పట్టుకుని పై అంచంతా పాడుచేస్తానని ఇంకొకటి. మొత్తం నాలుగు. ఆమెకు మధ్యలో అతని గుంపు మీద రెండు, కుడి అంచులో చొరబడేది ఒకటి. మూడు.

కో మొదట పట్టేది ఆమె కాబట్టి మొదట వెతుక్కోవాల్సింది అతను. అంటే చెరి మూడైతే ఆమె గెలుస్తుంది. అతనికి నాలుగుంటే ఓడుతుంది. ఒక్క దారప్పోగు తక్కువ.

మొదలుపెట్టలేదు. ఎడమ అంచులో ఆరు గళ్ళ విలువున్న ఒక చిన్న రాయి వేసింది.

గదిలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. హికిద నోరు తెరిచి, విసనకర్ర వైపు చూసి మూసేశాడు. మిత్సు తల ఎత్తలేదు. ఇప్పుడు ఒరిత మూలలో ఒక్క రాయి వేసి రెండో కన్ను కట్టేసుకుంటే అంతా అయిపోయినట్టే. అది ఆమెకు తెలుసు. తెలిసే వేసింది. తప్పక ఓడే పోరాటానికి దిగడం కంటే అతను పొరపడతాడని ఎదురుచూడటమే నయం అనుకుంది.

ఒరిత మూల వైపు చూశాడు. చిరునవ్వు నవ్వాడు.

"ఆగారన్నమాట. మంచిదే. బెదిరింపులు లెక్కపెట్టకుండా కోకు దిగేవాళ్ళు ఈ రేవులో చాలామంది ఉన్నారు" అన్నాడు చుట్టూ చూస్తూ. "నావి నాలుగు, మీవి మూడు. అంతేనా, మిత్సు గారూ?"

"మీరు లెక్కల మాస్టారు. తప్పు చెబుతారా?"

అందరూ నవ్వారు. ఒరిత కూడా నవ్వాడు. నవ్వుతూనే గిన్నెలో చెయ్యి పెట్టి, రెండు వేళ్ళ మధ్య తెల్లరాయి తీసి, పైన ఆమె మూడు రాళ్ళ పక్కన టక్కున వేశాడు. పలక మోగింది. అది అందమైన చప్పుడు. ఆ రాయి అక్కడ వేయడం తన హక్కే అన్నట్టుంది, ఆమె ఎలాగూ జవాబు చెప్పాలి.

మిత్సు మూడు రాళ్ళనూ కలుపుతూ జవాబు వేసింది. కుమెజిరో గారు ఆ చోటు వైపు చూశారు. ఆయన చేతిలోని విసనకర్ర ఆడటం ఆగింది.

ఒరిత ఆ ఊపులోనే కిందివైపు ఇంకొక ఏడు గళ్ళ రాయి వేసి, టీ అందుకున్నాడు.

నాలుగు మూడైంది. పైన ఆమె రాళ్ళు ఇప్పుడు గట్టిపడ్డాయి. అక్కడ బెదిరించడానికి ఇక ఏమీ లేదు. పుస్తకాల నుంచి గంటసేపు చెప్పగలిగే ఆ మాటను ఒరిత తన చేతికి చెప్పలేదు. మొదటిసారి ఓడిన ఆటలో తన చెయ్యి అదే చేసింది కాబట్టి మిత్సుకు ఎగతాళి రాలేదు. ఆ చప్పుడు ఎంత రుచిగా ఉంటుందో ఆమెకు తెలుసు.

ఆమె మూలలోని రాయిని పట్టుకుంది.

ఒరిత టీ గ్లాసు గాల్లోనే ఆగింది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఒరిత ఎడమ పక్క తెంపుతానని వేశాడు. మిత్సు కలిపింది. అతను కో పట్టాడు. ఆమె మధ్యలో అతని గుంపు కంట్లో పొడిచింది. అతను కాచుకున్నాడు. ఆమె కో పట్టింది. అతను కుడి పక్క మొదటిది వాడాడు, ఆమె జవాబు చెప్పింది. అతను పట్టాడు. ఆమె మధ్యలో రెండోది వాడింది. మళ్ళీ ఆమె పట్టింది. ఒక్కొక్క మారకానికి పట్టిన రాయి మూత గిన్నెలో పడే చిన్న చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. కిటికీ అవతల పడవ ఒకటి ఇంజను ఆపింది.

ఒరిత కుడి పక్క మిగిలినదీ వేశాడు, అది అతని మూడోది. ఆమె జవాబు చెప్పింది. అతను పట్టాడు. ఆమె కుడి అంచులో చొరబడింది. అది ఆమె ఆఖరిది. ఒరిత చాలాసేపు చూశాడు. దాన్ని వదిలేసి కో ముగించవచ్చా అని లెక్కవేశాడు. చొరబాటు కూడా దాదాపు మూల అంత ఖరీదు, పైగా అతని మధ్య గుంపు ఊపిరి దాని మీదే ఆధారపడి ఉంది. వదల్లేడు. జవాబు చెప్పాడు. ఆమె కో పట్టింది.

ఇప్పుడు వెతుక్కోవాల్సింది ఒరిత. ఆయన పలక మీదకు వంగాడు. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. అప్పుడు కింది అంచులో ఆమె అయిదు రాళ్ళ పక్కన ఒక రాయి గట్టిగా వేశాడు.

"పట్టేస్తాను" అన్నాడు.

ఆ అయిదు రాళ్ళు పలక మధ్యకు పొడుచుకొచ్చి కంటికి పెద్దగా కనిపిస్తాయి. రెండోసారి ఓడిన ఆటలో ఆమెను భయపెట్టింది సరిగ్గా ఇలాంటిదే. చెయ్యి దానంతటదే నల్లరాళ్ళ గిన్నెలోకి వెళ్ళింది. వెళ్ళిన చెయ్యిని ఆమె అక్కడే ఆపింది. గిన్నెలోని రాళ్ళు చల్లగా ఉన్నాయి.

లెక్కపెట్టింది. అయిదు రాళ్ళు చస్తే, వాటి కింది గళ్ళతో కలిపి పది. వాటి చుట్టూ ఏడు గళ్ళు. పదిహేడు. మూల ముప్ఫై రెండు. మళ్ళీ లెక్కపెట్టింది. ఇంకొకసారి, ఈసారి పెదవులు కదుపుతూ. పదిహేడే.

రాయి తీసి మూలలో వేసింది. అతని రెండో కన్ను మూసుకుపోయింది. తొమ్మిది తెల్లరాళ్ళూ చచ్చాయి.

"అయిదూ తీసుకోండి మాస్టారూ" అంది.

ఒరిత తీసుకున్నాడు. అయిదు రాళ్ళు తీసుకుంటున్నప్పుడే ఆయన ముఖంలో లెక్క తెలిసిపోయింది. మిగిలిన చిన్నచిన్న సరిహద్దులు ఇద్దరూ జాగ్రత్తగా ఆడారు. చివర గళ్ళు సర్ది లెక్కపెడితే నలుపు రెండున్నర గళ్ళతో గెలిచింది.

"మూసుకున్న నోళ్ళు తెరవచ్చా?" అని హికిద అడిగాడు. జవాబు కోసం ఆగకుండా, "అక్కోయ్! ముప్ఫై ఏళ్ళకు!" అని ఎగిరాడు.

ఒరిత తల వంచి నమస్కరించాడు. ఆయన మాటకారి కావచ్చు కానీ ఆట ముందు అబద్ధమాడే మనిషి కాదు.

"ఎక్కడ పోయింది?" అని అడిగాడు.

మిత్సు పైన, మూడు రాళ్ళ పక్కనున్న తెల్లరాయి మీద వేలు పెట్టింది. ఒరిత దాన్ని చూశాడు, ఆమెను చూశాడు, పగలబడి నవ్వాడు.

"పోయిన నెలే దీని గురించి కుర్రాళ్ళకు చెప్పానండీ! నల్లబల్ల మీద బొమ్మగీసి మరీ చెప్పాను!"

"నేను విన్నాను" అంది మిత్సు. "బాగా చెప్పారు."

కుమెజిరో గారు సిరా రాయి తీయించారు. కొత్త చెక్కపలక మోకాలి మీద పెట్టుకుని, వణికే చేతికి రెండో చేతిని ఆనించి, ఓకిహర అనే పేరు, కింద మొదటి దాన్ అని రాశారు. గీతలు కొంచెం వంకరపోయాయి. ఆయనకు అవి నచ్చలేదని తెలుస్తూనే ఉంది. తుడవలేదు.

రాసి పక్కన పెట్టి, "మిత్సూ, ఇలా రా" అన్నారు. "నీ బెదిరింపులు ఎన్ని లెక్కపెట్టావు?"

"మూడు, మాస్టారూ."

"నాలుగు."

ఆమె ఆట పలక వైపు తిరిగింది.

"ఎడమవైపు కింది మూల. ఒరిత ఇంటి లోపల. అక్కడ ఒక రాయి వేస్తే వాడు జవాబు చెప్పి తీరాలి. చెప్పకపోతే రెండో రాయితో నువ్వు ఆ మూలలోనే బతుకుతావు. నలభై గళ్ళు. జవాబు చెబితే నీకు పోయేదేమీ లేదు. వాడి ఇంట్లో నువ్వొక రాయి, వాడొక రాయి, చెల్లుకు చెల్లు. నాలుగుకు నాలుగు. మొదట పట్టేది నువ్వు. ఒరిత ఆ చప్పుడు చేసేదాకా నువ్వు ఆగక్కర్లేకపోయింది."

"నాకు కనిపించలేదు."

"కనిపించదు. నీ రాళ్ళకు తగిలే చోట్లే చూస్తావు నువ్వు. నీ రాళ్ళు లేని ఇంట్లో కూడా చూడాలి."

ఒరిత స్వయంగా స్టూలు తెచ్చి వేసుకున్నాడు. సిరా ఆరకుండానే పేరు పలకను రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని పై వరుసలో కుడి చివర తగిలించాడు. హికిద చప్పట్లు కొట్టాడు. ఎవరో నోరీ అనే సముద్రపు నాచు చుట్టిన అన్నపు ముద్దలు పంచారు.

"అక్కా, ఇటు చూడు! వంకరగా ఉందేమో చెప్పు!" అని హికిద అరిచాడు.

మిత్సు గోడ వైపు తిరగలేదు. ఆట పలక ఎడమ మూల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సంచిలోంచి అయిదో నోటుపుస్తకం తీసి, మొదటి పేజీలో గళ్ళు గీయడం మొదలుపెట్టింది. గెలిచిన కో రాయడం ఆమెకు అదే మొదటిసారి. ఎడమ మూల దగ్గరకు వచ్చేసరికి పెన్సిలు ఆపి, నల్లరాయి ఒకటి తీసి, మాస్టారు చెప్పిన చోట మెల్లగా పెట్టి చూసింది.

"మాస్టారూ," అంది తల ఎత్తకుండా, "దీనికి ఒరిత గారు ఇటుపక్క నుంచి జవాబు చెబితే?"

కుమెజిరో గారు విసనకర్ర పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ ఆమె ఎదురుగా కూర్చున్నారు. తెల్లరాళ్ళ గిన్నె తన వైపు లాక్కున్నారు.